వత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు

మా వారి రైల్వే ఉద్యోగం పుణ్యమా అని సగం దేశం తిరిగాం. హుబ్బళ్ళి, పెరంబూరు, ఖుర్దా రోడ్డు, చివరికి షోలాపూరు. ఎక్కడికి వెళ్ళినా ఆ ఊరి తెలుగువాళ్ళు నాలుగిళ్ళవాళ్ళు కలిసి, "అమ్మా, మీరు టీచరుగా చేశారు గదా, ఆదివారం మా పిల్లలకు నాలుగక్షరాలు చెప్పకూడదా?" అని అడిగేవారు. అలా మొదలైన పాఠాలు ఇరవై ఏళ్ళు సాగాయి. అన్ని ఊళ్ళలోనూ ఒక వింత చూశాను. అ ఆ లు వస్తాయి, క గుణింతం వస్తుంది, "తల, వల, పలక, జడ" అని గడగడ చదువుతారు. తరువాత ఒక పేజీ తిప్పేసరికి పిల్లలు ఆగిపోతారు. ఆ పేజీ పేరు వత్తులు. మన ఊరివైపు బళ్ళలో అయితే ఆ ఆగడం కొన్ని నెలలే, ఎలాగో దాటేస్తారు. బయట ఉన్న మన పిల్లల్లో చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు.

షోలాపూరులో జరిగిన ఒక సంగతి చెబుతాను. పద్మశాలీల ఇంటి పిల్ల, తొమ్మిదేళ్ళది, మరాఠీ బడిలో మూడో తరగతి. క్లాసులో ఎప్పుడూ ముందుండేది. వాళ్ళ బంధువుల ఇంట్లో పెళ్ళి కుదిరింది. శుభలేఖలు అచ్చయి వచ్చిన రోజున ఇంటినిండా జనం. తాతగారు ముచ్చటపడి, "మా మనవరాలికి తెలుగు వచ్చు, చదవవే తల్లీ" అని కార్డు చేతికిచ్చారు. కార్డు నెత్తిమీద అన్ని శుభలేఖల మీదా ఉండే మూడు మాటలే ఉన్నాయి: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ పిల్ల గొంతు సవరించుకుని చదివింది:

"శీరరసుత, శుభమసుత, అవిఘనమసుత."

ఇల్లంతా నవ్వు. చెడు ఉద్దేశంతో నవ్వినవాళ్ళు ఒక్కరూ లేరు. తాతగారు కూడా నవ్వారు. పిల్ల కార్డు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం క్లాసుకు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. వాళ్ళ అమ్మ వచ్చి, "తెలుగు వద్దంట, మరాఠీ చాలంట" అని చెప్పి కూర్చుంది.

నేను ఆ మూడు మాటలను ఆ పిల్ల చదివినట్టుగానే కాగితం మీద రాసుకుని చాలాసేపు చూశాను. చూస్తే నవ్వు రాలేదు. ఆ పిల్ల ఒక్క అక్షరం కూడా వదిలిపెట్టలేదు! కార్డు మీద ఉన్నవన్నీ చదివింది. కంటికి ఏ వరసలో కనబడ్డాయో ఆ వరసలోనే చదివింది.

మీరూ ఒకసారి కొత్త కళ్ళతో చూడండి. "స్తు" అనే అక్షరంలో పైన నిండుగా స ఉంది. ఆ స కు కొమ్ము ఉంది. అంటే కంటికి కనబడేది "సు". దాని కింద త వత్తు. కాబట్టి "సు, త". శ్రీ లో పైన శ కు గుడిదీర్ఘం, అంటే "శీ", కింద ర వత్తు, కాబట్టి "శీర". ఘ్న లో పైన ఘ, కింద న, కాబట్టి "ఘన". మనం నేర్పిన పాఠం ప్రకారం ఇంతకంటే న్యాయంగా ఎవరైనా చదవగలరా? క కు గుడి ఇస్తే కి అని ఆరు నెలలు వల్లె వేయించినది మనమే కదా. గుడి ఏ అక్షరం మీద ఉంటే ఆ అక్షరానిది అని పిల్ల నమ్మింది. వత్తు వచ్చేసరికి ఆ న్యాయం తారుమారు అయిందని ఎవరూ చెప్పలేదు.

నిజానికి జరుగుతున్నది ఏమిటంటే, కింద వత్తు వచ్చిందంటే పై అక్షరం పొల్లు అయిపోతుంది. దాని నెత్తిన ఉన్న గుడి గానీ, కొమ్ము గానీ, ఏత్వం గానీ, చివరికి తలకట్టు గానీ దానిది కాదు, కింద ఉన్నవాడిది. "భక్తి" అని రాస్తాం. గుడి క మీద ఉంది. పలుకుతున్నది "భక్ తి". గుడి త ది. కింది వాటాలో ఉన్నవాడికి సొంత డాబా లేదు గనుక తన గొడుగును పైవాటా వాడి డాబా మీద ఆరబెట్టుకున్నాడన్నమాట. పెద్దవాళ్ళం అక్షరాన్ని మొత్తంగా ఒక్క బొమ్మలా గుర్తుపట్టేస్తాం గనుక ఈ గొడుగు ఎవరిదన్న ప్రశ్న మనకు తట్టదు. అందుకే పిల్ల తప్పు చదివితే నవ్వు వస్తుంది.

ఆ వారమే నేను వాళ్ళింటికి వెళ్ళాను. తెలుగు పుస్తకం తీయలేదు. కాగితం మీద అవే మూడు మాటలు మరాఠీ లిపిలో రాసి ఇచ్చాను. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, తడుముకోకుండా "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని చదివేసింది. తరువాత తనే ఆశ్చర్యపోయింది. "గిదేనా అమ్మమ్మా కార్డు మీద ఉన్నది?" అంది. నాలుక బాగానే ఉంది, చెవి బాగానే ఉంది, తెలివికి కొదవ లేదు. తేడా అంతా లిపిలో ఉంది.

మరాఠీలో, హిందీలో జంట అక్షరం రాసేటప్పుడు మొదటి హల్లును సగానికి కోస్తారు. నిలువు గీత తీసేసి అర స రాసి, దాని పక్కన నిండు త రాస్తారు. కొమ్ము ఆ నిండు త కే తగిలిస్తారు. కాబట్టి ఆ లిపి చదివే పిల్లకు ఒక అలవాటు పడుతుంది: చిన్నగా ఉన్నది పొల్లు, నిండుగా ఉన్నదానికి అచ్చు. తెలుగులో సరిగ్గా దీనికి ఎదురు. ముందు పలికేది నిండుగా పైన ఉంటుంది, తరువాత పలికేది చిన్నదై కిందికి పోతుంది. మరాఠీ బడిలో బాగా చదివే పిల్లే తెలుగు వత్తుల దగ్గర ఎక్కువ తడబడుతుందంటే కారణం ఇదే. బాగా నేర్చిన అలవాటే అడ్డు వస్తోంది.

ఊరు మారితే తడబాటు రకం కూడా మారుతుంది. పెరంబూరులో నా దగ్గరికి వచ్చిన తమిళ బడి పిల్లలకు అసలు ఒకదాని కింద ఒకటి రాయడమే వింత. తమిళంలో పొల్లుకు నెత్తిన చుక్క పెట్టి, పక్కన రెండో అక్షరం రాస్తారు. అమ్మ అన్నా, భక్తి అన్నా అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. ఆ పిల్లలు తెలుగు చదివేటప్పుడు వత్తును చూడనే చూడరు. కన్ను వరసలో పోతుంది, కిందికి దిగదు. "గడ్డి" ని "గడి" అంటారు, "చెల్లి" ని "చెలి" అంటారు. రాసేటప్పుడు మాత్రం "భక్‌తి" అని పొల్లు పెట్టి రాస్తారు. నేను దాన్ని తప్పని కొట్టేసేదాన్ని కాదు. శబ్దాలను వరసగా విడదీయడం వాళ్ళకు అప్పటికే వచ్చు. సగం పని అయిపోయినట్టే.

హుబ్బళ్ళి పిల్లలకు అన్నిటికంటే సుళువు. కన్నడ లిపీ మన లిపీ ఒక తల్లి పిల్లలు. నిండక్షరం పైన, వత్తు కింద, గుణింతం గుర్తు పైదానికే. వాళ్ళు ఆగేది ర దగ్గర. "ధర్మం", "సూర్యుడు" వంటి మాటల్లో కన్నడంవారు ముందు పలికే ర ను, తరువాతి అక్షరానికి కుడిపక్కన ఒక గుర్తుగా పెడతారు. అర్కావత్తు అంటారు దాన్ని. మన పాత పుస్తకాల్లో కూడా అదే ఉండేది, వలపలగిలక అని పేరు. మా తాతగారి భారతం ప్రతిలో చూశాను. తరువాత మన అచ్చులోంచి అది తప్పుకుంది, కన్నడంలో నిలిచింది. ఖుర్దా రోడ్డు పిల్లలకు ఒడియాలో కింద రాసే అలవాటు ఉంది గానీ, అక్కడి జంట అక్షరాల్లో కొన్ని రెండు అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా కలిసిపోతాయి. అందుకని వాళ్ళు ప్రతి వత్తక్షరాన్నీ ఒక కొత్త బొమ్మలా కంఠస్థం చేయాలనుకుంటారు. తెలుగులో అంత శ్రమ అక్కరలేదు.

అక్కరలేదని ఎందుకంటున్నానంటే, మన వత్తుల్లో చాలా మటుకు అసలు అక్షరమే, తలకట్టు తీసేసి చిన్నదిగా కింద పెట్టినది. గ, చ, డ, ద, ప, బ వత్తులు చూడండి, పిల్లలు చెప్పకుండానే గుర్తుపడతారు. రూపం బొత్తిగా మార్చుకునేవి ఆరు: త, న, మ, య, ర, ల. చిక్కేమిటంటే మనకు మాటిమాటికీ తగిలేవి ఈ ఆరే. ప్రాథమిక వాచకాల్లో క నుంచి మొదలుపెట్టి అన్ని వత్తులూ ఒకే పట్టికలో వేస్తారు. పిల్లకు అవన్నీ సమానమైన బరువుగా కనిపిస్తాయి. నేను కూడా చాలాకాలం ఆ పట్టిక వరసనే చెప్పాను. ఒకరోజు ఒక గడుగ్గాయి, "ఘ వత్తు ఎక్కడొస్తుంది టీచర్?" అని అడిగితే నాకు వెంటనే ఒక్క మాట కూడా తట్టలేదు. అప్పటినుంచి పట్టిక పక్కన పెట్టి ఈ ఆరింటితో మొదలుపెట్టాను.

వీటిని ఎక్కడ వెతకాలో తెలుసా? ఇంట్లోనే ఉన్నాయి. అత్త, అన్న, అమ్మ, అయ్య, చెల్లి. ఐదు వత్తులూ బంధువుల పేర్లలోనే దొరికాయి. ర ఒక్కదానికే బయటికి పోవాలి: కర్ర, గొర్రె. ఏ రాష్ట్రంలో ఉన్నా మన పిల్లలకు ఈ మాటలు నోట్లో ఉంటాయి. ఇవి ద్విత్వాక్షరాలు, అంటే అదే హల్లుకు అదే వత్తు. కాబట్టి ఏది ముందు ఏది వెనుక అన్న పేచీ లేదు. పిల్ల దృష్టి పెట్టవలసింది ఒక్కటే, పై అక్షరం, కింద ఆ వింత రూపం, రెండూ ఒకరేనని. రోజుకు పది నిమిషాల చొప్పున రెండు వారాల్లో ఈ ఆరు రూపాలు కుదురుకుంటాయి. మొదట తలకట్టు మాటలే, అమ్మ, అన్న, అత్త. తరువాత గుడీ కొమ్మూ ఉన్నవి, చెల్లి, ఇల్లు, నెయ్యి. "చెలిల" అని చదివితే కంగారు పడకండి. అక్కడే గొడుగు కథ చెప్పాలి.

ఆ తరువాత వేరు వేరు హల్లులు కలిసే సంయుక్తాక్షరాలు. దీనికి నేను వాడినది రెండు అట్టముక్కలు, పెళ్ళికార్డుల వెనక భాగం కత్తిరించినవి. ఒక ముక్క మీద "క్" అని పొల్లుతో రాస్తాను. రెండోదాని మీద "తి". పిల్ల రెండూ పక్కపక్కన పెట్టి చదువుతుంది: భక్, తి. నాలుగైదుసార్లు చదివాక, "తి" ముక్కను జరిపి "క్" కింద పెట్టమంటాను. ఇప్పుడు పలక మీద మార్పు తనే రాయాలి. పై క కు పొల్లు తుడిచేయాలి. కింది తి తన గుడిని పైకి పంపి, వత్తు రూపం వేసుకోవాలి. "భక్‌తి" కాస్తా "భక్తి" అవుతుంది. తరువాత వెనక్కు: "భక్తి" ని విప్పి మళ్ళీ "భక్‌తి" చేయమంటాను. ఈ విప్పడమే అసలు పాఠం. కూర్చడం త్వరగా వస్తుంది. విప్పడం వచ్చిన పిల్ల కొత్త మాట తగిలినా భయపడదు.

ఛందస్సు చదువుకున్న పెద్దవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని సూత్రం. భక్తి లో భ హ్రస్వమే, అయినా గురువు. ఎందుకంటే పలికేటప్పుడు ఆ క్ వెనక్కు వాలి భ తో కలుస్తుంది: "భక్". రాతలో మాత్రం భ ఒకచోట, క్తి ఒకచోట. నోరు విరిచే చోటు ఒకటి, కలం విరిచే చోటు ఇంకొకటి. పిల్లలచేత చప్పట్లు కొట్టిస్తే ఇది తమాషాగా తెలుస్తుంది. "భక్" కు చప్పట్లు కొట్టి చేతులు కలిపి ఉంచాలి, "తి" కి విడదీయాలి.

మన పాతకాలపు వల్లెవేతను నేను కూడా ఒకప్పుడు తేలిగ్గా చూశాను. "క కు త వత్తిస్తే క్త, క్త కు గుడిస్తే క్తి" అని పంతులుగారు బెత్తం పట్టుకుని చెప్పించేవారు. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. క, త, ఇ అన్న శబ్దాల వరస ఆ పాటలో చెక్కుచెదరకుండా ఉంది. గుడి చివర వస్తుందని చెవి నేర్చుకుంటుంది. బొమ్మల వాచకాల్లో ఆ పాట పోయింది, బొమ్మ మిగిలింది. అయితే పాట వచ్చినంతమాత్రాన చదవడం వస్తుందని కాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా క్త గుణింతం ఒప్పజెప్పే ఘనులను చూశాను.

ఇదంతా ఎంతకాలం పడుతుంది అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ ఏడాదిలో వచ్చేశాయి, తెలుగు మూడేళ్ళయినా రావడం లేదని బెంగ. బెంగళూరుకు చెందిన సోనాలి నాగ్ కన్నడ బడి పిల్లల మీద చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అక్షరాలు నేర్చుకోవడం ఒకటి రెండు తరగతులతో ముగియదని, మూడు నాలుగు తరగతుల వరకు సాగుతూనే ఉంటుందని, ఒక అక్షరం లోపల ఉన్న శబ్దాలను విడిగా పట్టుకునే శక్తి కూడా పిల్లలకు ఆలస్యంగానే వస్తుందని ఆమె చూపించారు. రోజూ ఆ లిపిలోనే చదువుకునే పిల్లల సంగతి అది. మన లిపిదీ అదే కట్టడి. ఆదివారం గంటసేపు చదివే పిల్లను దానికి మించి అడగడం అన్యాయం.

మన పిల్లలకు ఇంకో కష్టం ఉంది. ఇదే అన్నిటికంటే పెద్దదని నా అనుభవం. గుంటూరులో ఒక పిల్ల "పదయం" అని చదివిందనుకోండి, మరుక్షణం తనే "ఓ, పద్యమా" అని దిద్దుకుంటుంది. ఆ మాట విని ఉంది గనుక. షోలాపూరు పిల్ల విని ఉండదు. ఇంట్లో మనం మాట్లాడే తెలుగులో ద్విత్వాలు కావలసినన్ని ఉంటాయి గానీ, వేరు వేరు హల్లులు కలిసేవి తక్కువ. ఉన్నవాటిని కూడా నోరు విప్పదీసి పెట్టుకుంటుంది. చంద్రుడు చందురుడు అవుతాడు, సూర్యుడు సూరీడు అవుతాడు, రాత్రి రాత్తిరి అవుతుంది. సంయుక్తాక్షరాలు ఎక్కువగా సంస్కృతం మాటల్లో వస్తాయి, అవి పుస్తకంలోనే ఉంటాయి. అంటే, చదవడం వస్తే గానీ ఆ మాటలు తెలియవు, ఆ మాటలు తెలిస్తే గానీ చదవడం కుదరదు.

ఈ ముడి విప్పడానికి నాకు దొరికిన దారి చెబితే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఇంగ్లీషు మాటలు! ట్రైను, ప్లేటు, స్కూలు, బిస్కట్టు, క్రికెట్టు, ఫ్రిజ్జు, డ్రైవరు. ఇవి తెలుగు అక్షరాల్లో రాసి ఇవ్వండి. పిల్లకు ఆ మాట ఎలా పలకాలో ముందే తెలుసు. "ట్రైను" చూసి మొదట "టైరను" అంటుంది, తరువాత కళ్ళు పెద్దవి చేసి "ట్రైను!" అని అరుస్తుంది. ఆ అరుపుతో పాటు, ఐత్వం ట మీద ఉన్నా ర తరువాతే పలకాలని తనకు తానే కనిపెట్టేస్తుంది. నేను వందసార్లు చెప్పినా ఎక్కనిది అలా ఎక్కుతుంది. రైల్వే కాలనీ పిల్లలకు "ప్లాట్‌ఫారం" ఇస్తే పండగే. ఈ మాటలతో వారం పది రోజులు ఆడించి, అప్పుడు "ప్రేమ", "మిత్రుడు", "క్రిమి" ఇచ్చాను. "పేరమ" అని చదివేవాళ్ళు సగానికి తగ్గారు.

ఒక్క జాగ్రత్త. ర వత్తును కొన్ని అచ్చుల్లో కింద చిన్న కొక్కెంలా వేస్తారు, కొన్నిటిలో ఎడమపక్క నుంచి అక్షరాన్ని చుట్టుకుంటూ వేస్తారు. క్రావడి అని దీనికి పేరు. ఎడమనుంచి మొదలైతే పిల్ల ర నే ముందు పలుకుతుంది. రెండు రకాలూ పక్కపక్కన రాసి, "ఇద్దరూ ఒకడే" అని ఒకసారి చూపిస్తే చాలు.

స్త్రీ, శాస్త్రం, రాష్ట్రం వంటి మూడు హల్లుల మాటల గురించి తల్లిదండ్రులు అనవసరంగా భయపడతారు. రెండింటిని విప్పడం వచ్చిన పిల్లకు మూడు పెద్ద లెక్క కాదు. పై నుంచి కిందికి దిగి, ఆఖరున గొడుగు కోసం మళ్ళీ పైకి చూడడమే.

ఇక పిల్లలో లోపమేమైనా ఉందా అన్న అనుమానం. ఇంటిదగ్గరే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. వత్తులు లేని మాటలు పది, వత్తులు ఉన్నవి పది, పిల్లకు తెలిసిన మాటలే, విడివిడిగా రాసి చదివించండి. మొదటి పదీ బాగా చదివి రెండో పదిలో తడబడితే అది పాఠం సంగతి, పిల్ల సంగతి కాదు. వత్తుల మాటలనే పలక మీద అరచేయంత అక్షరాలతో రాసి చూడండి. అలా అయితే చదివి, పుస్తకంలో చదవలేకపోతే కళ్ళ డాక్టరుకు చూపించాలి. వత్తు చిన్నది, పైగా వరస కింద ఉంటుంది. చూపు మందగిస్తే మొదట జారిపోయేది అదే. హుబ్బళ్ళిలో ఒక అబ్బాయికి మేము ఏడాదిపాటు వత్తులు నేర్పాం, చివరికి అతనికి కావలసింది కళ్ళజోడని తేలింది. వత్తులు లేని మాటలే రాకపోయినా, బడి భాషలో కూడా ఇదే అవస్థ ఎనిమిది తొమ్మిదేళ్ళకు కూడా ఉన్నా, అప్పుడు ఆ విషయం తెలిసిన నిపుణులకు చూపించడం మంచిది. మన అట్టముక్కలతో అయ్యే పని కాదు.

షోలాపూరు పిల్ల సంగతి చెప్పి ఆపుతాను. మరాఠీ కాగితం చదివిన రోజున నేను పక్కనే ఆ మాటలను తెలుగులో రాసి, రెండు లిపులనూ ఒకదాని కింద ఒకటి పెట్టాను. "మరాఠీలో కొమ్ము ఎవరికుంది?" "త కు." "తెలుగులో?" "స కు." "పలికేది?" కాసేపు చూసి, "త దే. ఇక్కడ స మీద పెట్టిండ్రు" అంది. అంతే. అట్టముక్కలు ఇచ్చి వచ్చేశాను. మూడో ఆదివారానికి క్లాసులో కూర్చుని ఉంది. వత్తులన్నీ పట్టుబడడానికి మరో ఏడు నెలలు పట్టింది. మధ్యలో "నమస్కారం" ను "నమక్సారం" అని, "ఉత్సవం" ను "ఉస్తవం" అని రాసిన పేజీలు నా దగ్గర ఇంకా ఉన్నాయి.

రెండేళ్ళ తరువాత వాళ్ళింట్లోనే మరో పెళ్ళి. ఈసారి శుభలేఖ అచ్చుకు ముందు ప్రెస్సువాళ్ళు ఇచ్చిన నమూనా కాగితం ఆ పిల్లే పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, చూడుండ్రి" అని వేలు పెట్టి చూపించింది. "ఆహ్వానం" అని ఉండవలసిన చోట "ఆవ్హానం" అని ఉంది. హ కింద ఉండవలసిన వ పైకెక్కి, హ కిందికి దిగింది. మనందరి నోళ్ళూ పలికేది అలాగే గనుక, ప్రెస్సులో కూర్చిన అబ్బాయి చెవిని నమ్మి రాసేశాడు. బ్రహ్మ, చిహ్నం, మధ్యాహ్నం, ఇవీ అంతే, రాతలో హ ముందు, పలుకులో వెనుక. ఈ నాలుగైదు మాటలకు అట్టముక్కలు పనిచేయవు, కళ్ళతో గుర్తుపెట్టుకోవలసిందే.

"ఎట్ల పట్టుకున్నవే?" అని అడిగాను. "పైనోడు పొల్లు గదా అమ్మమ్మా. ఆవ్, హా, అని వచ్చింది" అంది. తాతగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, ఎర్ర కలం తెమ్మన్నారు.